ఒక పిటిషన్, రెండు కౌంటర్లు

విడాకుల పిటిషన్ అందుకున్న భర్త మొదట అడిగే ప్రశ్న ‘ఇప్పుడు నేనేం చేయాలి?’ అని. దానికి జవాబు చెప్పే పుస్తకాలు సెక్షన్లు వరసగా పేరుస్తాయి. నేను ఇంకో పద్ధతి ఎంచుకున్నాను. ఒకే పిటిషన్‌కు రాయదగిన రెండు కౌంటర్లను పక్కపక్కన పెట్టి చదువుతాను. ఇందులోని మనుషులు కల్పితం. ఇలాంటి రాతలు మాత్రం మన కుటుంబ న్యాయస్థానాల ఫైళ్లలో రోజూ కనిపించేవే. హిందూ వివాహ చట్టం, 1955 కింద నడిచే కేసునే తీసుకుంటున్నాను. ప్రత్యేక వివాహ చట్టం, క్రైస్తవుల విడాకుల చట్టం వంటివాటిలో కొన్ని సంగతులు వేరుగా ఉంటాయి.

ముందు పిటిషన్ చూద్దాం. భార్య హనుమకొండలో ప్రైవేటు స్కూలు టీచరు, నెలకు 18,000 జీతం. భర్త హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఉద్యోగి. 2016లో పెళ్లయింది. ఆరేళ్ల పాప తల్లి దగ్గర ఉంది. 2023 మార్చిలో భార్య పుట్టింటికి వెళ్లింది, 2025 జనవరిలో క్రూరత్వం కారణంగా విడాకులు కోరుతూ పిటిషన్ వేసింది. అందులో నాలుగు పేరాలు ముఖ్యం. ఏడో పేరాలో అత్తగారు, ఆడపడుచు కట్నం తక్కువైందని దెప్పేవారని ఉంది. తొమ్మిదో పేరాలో 2021 ఆగస్టులో ఒక రాత్రి భర్త చెయ్యి చేసుకున్నాడని, పదకొండో పేరాలో పాప డెంగ్యూతో ఆస్పత్రిలో ఉంటే అతను రాలేదని రాసింది. పద్నాలుగో పేరా ఆమె ఇల్లు విడిచిన రోజు గురించి. పిటిషన్‌తో పాటే ఒక ఐ.ఏ. కూడా వేసింది. కేసు నడిచినంత కాలం నెలకు 50,000 మధ్యంతర భరణం, లక్ష రూపాయల కోర్టు ఖర్చులు కావాలని అందులో అడిగింది.

మొదటి కౌంటర్ ఇరవై పేజీలు దాటింది. రెండోది తొమ్మిది పేజీలు.

మొదటి కౌంటర్ ఇలా మొదలవుతుంది: పిటిషన్‌లోని ఆరోపణలన్నీ అబద్ధం, కల్పితం, పిటిషనరే వాటిని రుజువు చేసుకోవాలి. ఈ వాక్యం రాశాక ఏ పేరాకూ విడిగా జవాబు చెప్పాల్సిన పని లేదని దాన్ని రాసినవారు అనుకున్నారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎనిమిదో ఆర్డరు అలా అనుకోనివ్వదు. ఎదుటివారు చెప్పిన ప్రతి సంగతినీ విడిగా, సూటిగా కాదనాలి. తప్పించుకునే ధోరణిలో జవాబిచ్చినా, అసలు ఇవ్వకపోయినా, ఆ సంగతిని ఒప్పుకున్నట్టు కోర్టు తీసుకోవచ్చు. పదకొండో పేరా ఇందుకు ఉదాహరణ. పాప ఆస్పత్రిలో ఉన్న వారం గురించి మొదటి కౌంటర్‌లో ఒక్క మాట లేదు. ఇరవై పేజీలు రాసినవాడు ఆ వారం గురించి ఎందుకు రాయలేదని జడ్జి అనుకోవడం సహజం.

రెండో కౌంటర్ ఆ పేరాకు ఏడు వాక్యాలు ఇచ్చింది. పాపను చేర్చిన రోజు అతను కంపెనీ పని మీద పుణెలో ఉన్నాడు, మూడో రోజు ఆస్పత్రికి వచ్చాడు, బిల్లులో ఇంత మొత్తం అతని ఖాతా నుంచే వెళ్లింది, రైలు టికెట్టు, బ్యాంకు స్టేట్‌మెంటు జత చేస్తున్నాడు. మొదటి రెండు రోజులు రాలేకపోయిన మాట నిజమని కూడా రాశాడు. ఆ ఒప్పుకోలు వల్ల అతనికి నష్టం లేదు, పైగా మిగతా వాక్యాలకు అది బలమిచ్చింది.

తొమ్మిదో పేరా దగ్గర రెండు కౌంటర్ల తేడా ఇంకా లోతుకు పోతుంది. మొదటిది చెయ్యి చేసుకోవడం ‘పచ్చి అబద్ధం’ అంటుంది. రెండోది ఒప్పుకుంటుంది. ఆ రాత్రి గొడవలో ఒకసారి కొట్టానని, మర్నాడే ఆమె తల్లిదండ్రుల ఎదుట క్షమాపణ అడిగానని, ఆ తర్వాత ఏడాదిన్నర ఇద్దరం ఒకే ఇంట్లో కాపురం చేశామని, ఆ మధ్యలో పాప అక్షరాభ్యాసం కలిసి జరిపించామని చెబుతుంది. కొట్టడం తప్పే, దాన్ని ఏ సెక్షనూ ఒప్పు చేయదు. కానీ హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్ ప్రకారం క్రూరత్వం కారణంగా విడాకులు కోరేవారు ఆ క్రూరత్వాన్ని ఏ విధంగానూ మన్నించి ఉండకూడదు. మన్నించారని తేలితే అదే సంఘటన మీద డిక్రీ రాదు. 1975లో దస్తానే కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ పనే చేసింది. అక్కడ విడిపోవాలని కోరింది భర్త. భార్య ప్రవర్తన క్రూరత్వమేనని కోర్టు ఒప్పుకుంది. అయినా ఆ తర్వాత వారు కలిసి కాపురం చేశారు, బిడ్డ పుట్టింది కాబట్టి మన్నించినట్టేనని చెప్పి అతనికి ఉపశమనం ఇవ్వలేదు. మన్నింపు షరతుతో కూడినదని, మళ్లీ అలాంటి ప్రవర్తనే జరిగితే పాత తప్పు కూడా లేచి వస్తుందని అదే తీర్పు చెప్పింది. అంటే రెండో కౌంటర్ వాదన నిలబడాలంటే 2021 ఆగస్టు తర్వాత మరో దెబ్బ లేదని తేలాలి.

‘పచ్చి అబద్ధం’ అన్న భర్తకు ఈ వాదన దక్కదు. జరగనిదాన్ని ఆమె మన్నించింది అనలేడు కదా. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మర్నాటి క్షమాపణ సందేశం బయటపడితే ఆ ఒక్క పేరాతో పాటు కౌంటరంతా అనుమానంలో పడుతుంది. భార్యాభర్తలు ఒకరికొకరు తెలియకుండా రికార్డు చేసిన ఫోను మాటలను కూడా వైవాహిక కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో విభోర్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రోజుల్లో ‘ఎవరు చూశారు’ అన్న ధైర్యంతో కౌంటర్ రాయడం ప్రమాదం.

ఇక్కడ రెండో కౌంటర్‌ను కూడా ఒక మాట అనాలి. అదే సంఘటన మీద పోలీసు కేసో గృహహింస కేసో నడుస్తుంటే, విడాకుల కౌంటర్‌లోని ఒప్పుకోలు అక్కడికీ వెళుతుంది. అలాంటప్పుడు ఈ పేరాను క్రిమినల్ కేసు చూస్తున్న న్యాయవాది కూడా చదివిన తర్వాతే దాఖలు చేయాలి. ఈ కౌంటర్ రాసినవారు ఆ జాగ్రత్త తీసుకున్న గుర్తు ఎక్కడా లేదు. క్రిమినల్ కేసు లేదు కాబట్టి ఈసారి సరిపోయింది.

ఇక మొదటి కౌంటర్‌లోని అసలు గాయం పదహారో పేజీలో ఉంది. స్కూల్లో తోటి టీచరుతో ఆమెకు అక్రమ సంబంధం ఉందని అందులో రాశారు. పేరు లేదు, తేదీ లేదు, చూసినవారు లేరు. కోపంలో ఉన్న భర్త చెప్పాడు, గుమాస్తా టైపు చేశాడు. దీని ఖరీదు ఎంతో విజయకుమార్ భాటే కేసు చూపిస్తుంది. క్రూరత్వం కారణంగా భార్య విడాకులు కోరింది. భర్త తన రాతపూర్వక జవాబులో ఆమె శీలాన్ని శంకించాడు. తర్వాత సవరణ దరఖాస్తు పెట్టి ఆ మాటలు తీసేయించుకున్నాడు. తీసేసినంత మాత్రాన ఆ గాయం పోదని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. జవాబులో అలాంటి నిందలు వేయడమే మానసిక క్రూరత్వమని, దాని మీదే భార్యకు విడాకులు ఇవ్వవచ్చని తేల్చింది. పిటిషన్‌లో లేని క్రూరత్వాన్ని భర్త తన కౌంటర్‌తో ఆమెకు అందించాడన్నమాట.

ఇదే నియమం భార్య పట్ల కూడా నిక్కచ్చిగానే పనిచేసింది. వి. భగత్ కేసులో పిటిషన్ వేసింది భర్త. భార్య తన జవాబులో అతనికి మతి స్థిమితం లేదని, అది వారి వంశంలోనే ఉందని రాసింది. 1993 నవంబరులో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి రాసిన తీర్పు ఆ రాతనే మానసిక క్రూరత్వంగా పట్టుకుని విడాకులు ఇచ్చింది. రెండు తీర్పుల్లోనూ కేసును మలుపు తిప్పింది జవాబు కాగితమే. విడాకులు వద్దనుకునే భర్త పదహారో పేజీ లాంటిది రాయడమంటే ఆమె పిటిషన్‌కు తానే సాక్షి సంతకం పెట్టడం. సంబంధం నిజంగా ఉంటే, రుజువులుంటే, అది వేరే దారి. వ్యభిచారం ఆరోపిస్తే రెండో వ్యక్తిని కూడా కేసులో పార్టీగా చేర్చాలని చాలా హైకోర్టుల నియమాలు చెబుతాయి. ఆ పని చేసే ధైర్యం, సాక్ష్యం లేనివాడు ఆ ఊసే ఎత్తకూడదు.

ఇప్పుడు కౌంటర్ క్లెయిమ్ సంగతి. 1976 సవరణతో వచ్చిన 23-ఎ సెక్షన్ భర్తకు ఒక హక్కు ఇచ్చింది. పిటిషనర్ చేసిన వ్యభిచారం, క్రూరత్వం, పరిత్యాగం చూపించి పిటిషన్‌ను ఎదిరించడంతో ఆగనక్కర్లేదు, ఆ కారణం మీదే తనకు కావాల్సిన ఉపశమనం కూడా అదే కేసులో అడగవచ్చు. రుజువైతే, అతను విడిగా పిటిషన్ వేసి ఉంటే దక్కేదంతా ఇక్కడే దక్కుతుంది. దీనికి ఇంకో బలం ఉంది. రేపు భార్య తన పిటిషన్ వెనక్కి తీసుకున్నా, అది కొట్టేసినా, కౌంటర్ క్లెయిమ్ తన దారిన నడుస్తుంది.

మొదటి కౌంటర్ ఈ హక్కును చేజార్చుకుంది. ప్రార్థన పేరాలో మూడు కోరికలున్నాయి: పిటిషన్ కొట్టేయాలి, ఆమె కాపురానికి రావాలి, లేకపోతే ఆమె వ్యభిచారం కారణంగా నాకు విడాకులు ఇవ్వాలి. వ్యభిచారిణి అన్న మనిషినే కాపురానికి రమ్మనడాన్ని ఏ జడ్జీ నిజాయతీగా తీసుకోలేడు. తర్వాత పాత న్యాయవాదిని మార్చి, ఇష్యూలు తేలాక క్రూరత్వం మీద కొత్త కౌంటర్ క్లెయిమ్ వేయబోయాడు. ఇష్యూలు తేలాక కౌంటర్ క్లెయిమ్‌ను తీసుకోకూడదని 2019లో అశోక్ కుమార్ కల్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఏం కావాలో కౌంటర్ వేసే రోజుకే తేల్చుకోవాలి.

రెండో కౌంటర్ ఏ కౌంటర్ క్లెయిమూ వేయలేదు. చాలామంది దీన్ని బలహీనత అంటారు. నేను అనను. అతనికి విడాకులు వద్దు. పరిత్యాగం మీద ఏదైనా అడగాలంటే పిటిషన్ వేసే రోజుకు వెనక రెండేళ్లు ఎడతెగకుండా నిండాలి. ఆమె ఇల్లు విడిచినప్పటి నుంచి తన పిటిషన్ వేసేదాకా 22 నెలలే. ఆ తర్వాతి ఎడబాటుకు కోర్టులో కేసు ఉండటమే కారణమని ఆమె చెప్పగలదు. క్రూరత్వం మీద అడగాలంటే అతని దగ్గర ఇంటి గొడవలు తప్ప మరేమీ లేవు. చేతిలో సంగతి లేనప్పుడు కౌంటర్ క్లెయిమ్ వేస్తే అది భాటే కేసు దారిలోకే పోతుంది. బదులుగా అతను 26వ సెక్షన్ కింద పాపను నెలకు రెండు శని ఆదివారాలు చూసేందుకు ఒక ఐ.ఏ. వేశాడు. భరణానికీ పాపను చూడటానికీ ముడి పెట్టలేదు. ఈ ఒక్క పనితో అతను ఆ ఇరవై పేజీలకంటే మంచి తండ్రిగా కనిపిస్తాడు.

మరి కౌంటర్ క్లెయిమ్ ఎవరు వేయాలి? తనకూ వివాహం రద్దు కావాలి, దానికి తన దగ్గర స్వతంత్రమైన సంగతి ఉంది అనే భర్త వేయాలి. మన రాష్ట్రాల నుంచే వెళ్లిన రెండు కేసులు దీనికి కొలబద్ద. 2013లో కె. శ్రీనివాసరావు, డి.ఎ. దీప కేసులో భర్త కుటుంబం మీద పెట్టిన నీచమైన, ఆధారంలేని ఫిర్యాదులను సుప్రీంకోర్టు మానసిక క్రూరత్వంగా లెక్కించి, హైకోర్టు తీర్పును తిప్పి విడాకులు ఇచ్చింది. శాశ్వత భరణంగా 15 లక్షలు కూడా ఇప్పించింది. 2014లో కె. శ్రీనివాస్, కె. సునీత కేసులో తప్పుడు క్రిమినల్ కేసు విషయంలోనూ అదే తేలింది. ఈ తీర్పులను పట్టుకుని ‘నా మీద కేసు పెట్టింది, అదే క్రూరత్వం’ అనేవారు ఒక సంగతి మరిచిపోతారు. కేసు పెట్టడం నేరం కాదు, హక్కు. అది అబద్ధమని తేలితేనే క్రూరత్వం. విచారణ ఇంకా తేలని కేసు ఒక్కదాన్నే పట్టుకుని కౌంటర్ క్లెయిమ్ కట్టకూడదు. ఇద్దరికీ విడిపోవడమే ఇష్టమైతే 13-బి కింద పరస్పర అంగీకార దరఖాస్తుగా మార్చుకోవడం ఇద్దరికీ మేలు. కలిసి బతకలేని స్థితి వచ్చిందన్న ఒక్క కారణం మీద విడాకులిచ్చే అధికారం సుప్రీంకోర్టుకే ఉంది, కుటుంబ న్యాయస్థానానికి లేదని కూడా గుర్తుంచుకోవాలి.

చివరగా డబ్బు సంగతి. చాలామంది అసలు కౌంటర్‌లో భరణం వద్దని రాస్తే చాలనుకుంటారు. ఐ.ఏ.కు విడిగా కౌంటర్ వేయాలి. దానితో ఆస్తులు, అప్పులు వెల్లడించే అఫిడవిట్ వేయాలి. 2020 నవంబరు 4న రజనీష్, నేహ కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఒక నమూనా ఇచ్చింది. ఆ అఫిడవిట్ ఇద్దరూ వేయాలి. దాన్ని వేయడానికి భర్తకు రెండుసార్లకు మించి గడువు ఇవ్వకూడదు. కావాలని సాగదీస్తే అతని వాదననే కొట్టేసే అధికారం కోర్టుకు ఉంది. అబద్ధం రాస్తే దాని మీద వేరే చర్య ఉంటుంది. అన్నిటికంటే బరువైనది, భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క. ఉత్తర్వు రావడానికి 14 నెలలు పట్టి, నెలకు 20,000 అని తేలితే ఆ రోజుకే 2,80,000 బాకీ. వాయిదాలు తీసుకోవడం వల్ల ఒక్క రూపాయి కూడా మిగలదు.

మొదటి కౌంటర్ వేసిన భర్త ఈ ఐ.ఏ. అందిన నెలలోనే ఉద్యోగం మానేశాడు. ఇక జీతం లేదు కాబట్టి భరణం లేదని కౌంటర్ వేశాడు. ఆరోగ్యంగా ఉన్న భర్త సంపాదించగలిగినంత సంపాదించి పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. పిటిషన్ అందాక చేసిన రాజీనామాను కోర్టు ఎలా చదువుతుందో చెప్పనక్కర్లేదు. అంతకుముందు జీతం లెక్కలో కూడా అతను ఇంటి రుణం వాయిదా, చీటీ, ఎల్.ఐ.సి., స్వచ్ఛందంగా ఎక్కువగా కట్టే పి.ఎఫ్. అన్నీ తీసేసి నెలకు తొమ్మిది వేలు మిగులుతాయని చూపాడు. తన కోసం దాచుకునే సొమ్మును ఖర్చుగా చూపితే కోర్టు ఒప్పుకోదు.

రెండో కౌంటర్ వేసిన భర్త లెక్క వేరు. మొత్తం జీతం 88,000. ఆదాయపు పన్ను, తప్పనిసరి పి.ఎఫ్., వృత్తిపన్ను పోను 80,000. తల్లి మందులకు నెలకు 5,000, బిల్లులు జత చేశాడు. ఇంటి రుణం 26,000 అని చూపాడు గాని అది తీసేయాల్సిందేనని పట్టుబట్టలేదు, ఆ ఇంట్లో పాపకూ వాటా ఉంటుందని మాత్రం రాశాడు. భార్య జీతం గురించి ఊహాగానాలు లేవు. స్కూలు యాజమాన్యం నుంచి ఆమె జీతపు రికార్డు తెప్పించమని విడిగా దరఖాస్తు పెట్టాడు. ఇది చాలా మంచి పని. భార్య చదువుకున్నదన్న కారణంతోనో, కొంత సంపాదిస్తున్నదన్న కారణంతోనో భరణం పూర్తిగా నిరాకరించరు, కానీ మొత్తం తగ్గించడానికి ఆమె నిజమైన ఆదాయం అవసరం. చివరకు అతను ఒక అంకె ముందు పెట్టాడు: నెలకు 15,000 బ్యాంకు ఖాతాకు, పాప స్కూలు ఫీజు ఏడాదికి 60,000 నేరుగా స్కూలుకు. అంటే నెలకు 20,000, చేతికొచ్చే జీతంలో నాలుగో వంతు. 2017లో కల్యాణ్ డే చౌధురి కేసులో సుప్రీంకోర్టు నికర జీతంలో 25 శాతాన్ని తగినదిగా పేర్కొంది. అది ఒక కొలమానమే గాని శాసనం కాదు. పిల్లల అవసరాలు, భార్య ఆదాయాన్ని బట్టి కోర్టు పైకీ కిందికీ వెళుతుంది. అయినా ‘సున్నా’ అన్నవాడికీ, ఆధారాలతో ఒక అంకె చెప్పినవాడికీ మధ్య జడ్జి చేతిలో తేడా చాలా ఉంటుంది. సున్నా అన్నవాడి అంకెను జడ్జి తానే వేయాల్సి వస్తుంది. అప్పుడు ఆ లెక్కలో అతని మాట ఉండదు.

రెండో కౌంటర్‌లో నాకు కనిపించిన ఇంకో లోపం ఇక్కడే. గృహహింస చట్టం కిందో, క్రిమినల్ ప్రొసీజర్ 125 స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 144 కిందో ఇంకెక్కడైనా భరణం ఉత్తర్వు ఉందా లేదా అన్నది రాయలేదు. రజనీష్ తీర్పు ప్రకారం పాత ఉత్తర్వులు వెల్లడించాలి, అక్కడ ఇస్తున్న సొమ్మును ఇక్కడ సర్దుబాటు చేయమని అడగవచ్చు. ఏ ఉత్తర్వూ లేకపోతే లేదని ఒక వాక్యం రాస్తే సరిపోయేది.

గడువు విషయంలో మాత్రం మొదటి కౌంటరే ముందుంది. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి. కోర్టు కారణం రాసి 90 రోజుల వరకు ఇవ్వవచ్చు. ఆ తర్వాత కూడా ఇవ్వవచ్చని 2005లో కైలాష్ కేసు చెప్పినా, అది అరుదైన పరిస్థితులకే. మొదటి భర్త 28వ రోజున, రెండో భర్త 41వ రోజున వేశారు. మొదటివాడు ముందు వేసినా అతనికి అది అక్కరకు రాలేదు. పోస్టులో వచ్చిన సమన్లు తీసుకోకుండా వెనక్కి పంపేవారికి ఈ మాత్రం కూడా మిగలదు. తీసుకోకపోయినా అందినట్టే లెక్క. ఎక్స్‌పార్టీ డిక్రీ పడితే దాన్ని కొట్టేయించుకోవడానికి మళ్లీ 30 రోజుల గడువుతో పరుగెత్తాలి.

మధ్యంతర ఉత్తర్వు నచ్చకపోతే హైకోర్టుకు వెళ్లవచ్చు. అక్కడ స్టే వచ్చేదాకా చెల్లింపు ఆపకూడదు. కావాలని ఎగ్గొడితే అసలు కేసులోనే వాదన కొట్టేసే ప్రమాదం ఉంది.

నా తీర్పు రెండో కౌంటర్ వైపే. మొదటిది ఇరవై పేజీల్లో పిటిషనర్‌కు కొత్త కారణం ఇచ్చింది, ఆమె పాత కారణాలకు జవాబివ్వలేదు. సమన్లు అందుకున్న ప్రతి భర్తకూ నేను చెప్పేది ఇదొక్కటే. కౌంటర్ చివర వెరిఫికేషన్ కింద సంతకం మీది, న్యాయవాదిది కాదు. పెట్టే ముందు ప్రతి పేరానూ పిటిషన్‌లోని అదే నంబరు పేరా పక్కన పెట్టుకుని చదవండి. బోనులో ప్రమాణం చేసి చెప్పలేని వాక్యం ఒక్కటి కనిపించినా, దాన్ని తీసేసేదాకా సంతకం పెట్టకండి.